మ్యాక్ ల్యాప్‌టాప్‌లో నేరుగా నడిచే గేమ్‌లు: కొనే ముందు ఏం చూడాలి, ఏది ఎంచుకోవాలి

మ్యాక్ ల్యాప్‌టాప్ ఉంది. విండోస్ వేసుకునే దారి లేదు, లేదా వేసుకోవడం ఇష్టం లేదు. ఎం1, ఆ తర్వాతి చిప్‌లున్న మ్యాక్‌లలో బూట్‌క్యాంప్ పనిచేయదు కాబట్టి పాత పద్ధతిలో రెండు సిస్టమ్‌లు పెట్టుకోవడం కుదరదు. విండోస్ ప్రోగ్రాములను మ్యాక్‌లో నడిపించే మధ్యవర్తి సాఫ్ట్‌వేర్‌ల జోలికీ వెళ్లదలచుకోలేదు. అలాంటప్పుడు మిగిలేది మ్యాక్ కోసమే తయారైన గేమ్‌లు. అవి తక్కువేమీ కాదు. కానీ స్టోర్ పేజీలో ఆపిల్ గుర్తు చూసి వెంటనే కొనేస్తే సగంసార్లు నిరాశే మిగులుతుంది. ఎందుకంటే ఆ ఒక్క గుర్తు కింద మూడు వేర్వేరు కాలాల గేమ్‌లు కలిసిపోయి ఉన్నాయి. ఏది ఏ కాలానిదో తెలుసుకోవడంతోనే సరైన ఎంపిక మొదలవుతుంది.

మొదటి రకం 32 బిట్ గేమ్‌లు. 2019 అక్టోబరులో వచ్చిన మ్యాక్ ఓఎస్ క్యాటలీనా నుంచి మ్యాక్ వీటిని తెరవడం మానేసింది. పోర్టల్ 2, లెఫ్ట్ 4 డెడ్ 2 మ్యాక్ రూపాలు ఈ కోవకు చెందినవే. ఒకప్పుడు మ్యాక్‌లో హాయిగా నడిచిన ఈ గేమ్‌లు ఇప్పటి మ్యాక్‌లో మొదలే కావు. సెట్టింగులు మార్చి బాగుచేసుకునే సమస్య కాదిది, తయారీదారులు 64 బిట్ రూపం విడుదల చేస్తే తప్ప వేరే మార్గం లేదు. 2019కి ముందు వచ్చి, ఆ తర్వాత మ్యాక్ అప్‌డేట్ అందుకోని ఏ గేమ్‌నైనా ముందు అనుమానించండి. స్టీమ్ పేజీలో సిస్టమ్ అవసరాల దగ్గర క్యాటలీనా గురించి హెచ్చరిక ఉందేమో చదవండి. ఇలాంటి గేమ్ ఎంత చవకగా దొరికినా కొనకూడదు.

రెండో రకం ఇంటెల్ చిప్‌ల కోసం రాసిన 64 బిట్ గేమ్‌లు. ఎం1 మ్యాక్‌లు 2020 నవంబరులో వచ్చినప్పుడు ఆపిల్ వాటితోపాటు రొసెట్టా 2 అనే అనువాదకాన్ని ఇచ్చింది. ఇంటెల్ ఆదేశాలను అది ఆపిల్ చిప్‌కు అర్థమయ్యేలా మారుస్తుంది. ఇది విండోస్ ప్రోగ్రాములను నడిపే సాధనం కాదు, మ్యాక్ గేమ్‌లకే పనికొస్తుంది. కాబట్టి మన నియమానికి భంగం లేదు. చాలా గేమ్‌లు దీనిమీద బాగానే నడుస్తాయి. షాడో ఆఫ్ ది టూంబ్ రైడర్ లాంటి పెద్ద గేమ్‌ను ఎం1 వచ్చిన తొలినాళ్లలోనే జనం రొసెట్టా మీద ఆడారు. అనువాదానికి కొంత ప్రాసెసర్ శక్తి ఖర్చవుతుంది కాబట్టి వేలకొద్దీ పాత్రలను, వస్తువులను లెక్కగట్టే గేమ్‌లలో ఆ తేడా ఎక్కువగా తెలుస్తుంది.

ఈ రెండో రకం విషయంలో మరో సంగతి ఉంది. రొసెట్టా పూర్తి రూపంలో మ్యాక్ ఓఎస్ 27 వరకే ఉంటుందని, ఆ తర్వాత నిర్వహణ ఆగిపోయిన కొన్ని పాత గేమ్‌ల కోసం మాత్రమే కొంత భాగాన్ని ఉంచుతామని ఆపిల్ 2025లో ప్రకటించింది. అంటే ఇప్పుడు ఇంటెల్ గేమ్ కొనేవారు దాన్ని ఈ ఏడాది, వచ్చే ఏడాది ఆడి ముగించేస్తామనుకుంటే ఇబ్బంది లేదు. పదేళ్లపాటు మళ్లీమళ్లీ తెరిచే గేమ్ కావాలనుకుంటే మాత్రం ఈ రకానికి వెనకాడాల్సిందే. 32 బిట్ గేమ్‌ల గతి చూశాక ఆ ప్రకటనను తేలికగా తీసుకోవడం నాకు సరికాదనిపిస్తుంది.

మూడో రకం ఆపిల్ చిప్ కోసమే కూర్చిన గేమ్‌లు. బాల్డర్స్ గేట్ 3, హేడీస్ 2, ఫ్యాక్టోరియో, సైబర్‌పంక్ 2077, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఇందులోకి వస్తాయి. అవకాశం ఉన్నప్పుడు ఎంచుకోవాల్సింది వీటినే.

ఏ రకమో తెలుసుకునేది ఎలా

కొనక ముందు చూడాల్సింది స్టోర్ పేజీలోని సిస్టమ్ అవసరాల పట్టిక. స్టీమ్‌లో విండోస్, మ్యాక్ ఓఎస్ అని వేర్వేరు ట్యాబ్‌లు ఉంటాయి. పేజీ తెరవగానే విండోస్ ట్యాబ్ కనిపిస్తే దాన్ని చదివి పొరబడకండి, మ్యాక్ ట్యాబ్‌కు మారాలి. ప్రాసెసర్ వరుసలో ఆపిల్ ఎం1 అని గానీ ఆ తర్వాతి చిప్ పేరు గానీ రాసి ఉంటే ఆ గేమ్‌ను తయారీదారులు కొత్త మ్యాక్‌ల మీద పరీక్షించారని అర్థం. ఇంటెల్ కోర్ ఐ5 అని మాత్రమే ఉంటే రొసెట్టా మీద నడుస్తుందని అనుకోవచ్చు. ఆ వరుసలో కోర్ 2 డుయో లాంటి మరీ పాత చిప్ పేరు కనిపిస్తే 32 బిట్ ప్రమాదం గుర్తుకు రావాలి.

గేమ్ దిగాక ఖచ్చితంగా తేల్చుకోవచ్చు. ఫైండర్‌లో గేమ్ ఫైలును ఎంచుకుని Get Info తెరిస్తే Kind అనే వరుసలో Apple Silicon, Universal, Intel అనే మూడు మాటల్లో ఒకటి కనిపిస్తుంది. మొదటి రెండూ నేరుగా నడిచేవే. గేమ్ నడుస్తుండగా Activity Monitor తెరిచి అక్కడి Kind వరుసలో చూసినా Apple లేదా Intel అని ఉంటుంది. టెర్మినల్ అలవాటున్నవారు స్టీమ్ గేమ్‌ను ఇలా కూడా చూడవచ్చు. గేమ్ పేరు దగ్గర మీది రాసుకోండి.

```
cd ~/Library/Application\ Support/Steam/steamapps/common
file "Game/Game.app/Contents/MacOS/"*
```

జవాబులో arm64 ఉంటే ఆపిల్ చిప్‌కు కూర్చినది, x86_64 ఒక్కటే ఉంటే ఇంటెల్‌ది, i386 ఒక్కటే ఉంటే అది ఇక తెరుచుకోదు.

ఎక్కడ కొంటున్నామన్నది కూడా ఎంపికే

ఒకే గేమ్ ఒక దుకాణంలో మ్యాక్‌కు దొరికి, మరో దుకాణంలో దొరకకపోవచ్చు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. రెసిడెంట్ ఈవిల్ విలేజ్, రెసిడెంట్ ఈవిల్ 4, డెత్ స్ట్రాండింగ్ డైరెక్టర్స్ కట్ మ్యాక్‌కు నేరుగా వచ్చాయి. కానీ అవి వచ్చింది ఆపిల్ వారి యాప్ స్టోర్‌లో. వాటిని స్టీమ్‌లో కొంటే చేతికందేది విండోస్ రూపం మాత్రమే. స్టీమ్ పేజీలో ఆపిల్ గుర్తు లేకపోవడమే అందుకు సూచన. "ఈ గేమ్ మ్యాక్‌లో ఉందట" అన్న వార్త చదివి స్టీమ్‌లో కొన్నవారికి అక్కడ దింపుకునే మీటే కనిపించదు.

సైబర్‌పంక్ 2077 సంగతి ఇందుకు భిన్నం. అది 2025 జులైలో మ్యాక్‌కు వచ్చినప్పుడు స్టీమ్, జీఓజీ, ఎపిక్‌లలో అంతకుముందే కొన్నవారికి మ్యాక్ రూపం అదనపు ఖర్చు లేకుండా అందింది. నో మ్యాన్స్ స్కై కూడా 2023లో స్టీమ్ కొనుగోలుదారులకు అలాగే అందింది. అందువల్ల గతంలో విండోస్ కంప్యూటర్ వాడి స్టీమ్‌లో గేమ్‌లు పోగుచేసుకున్నవారు కొత్తది కొనే ముందు తమ జాబితాను ఒకసారి చూసుకోవాలి. స్టీమ్ లైబ్రరీలో పైన ఉండే ఆపిల్ గుర్తును నొక్కితే మ్యాక్‌లో నడిచేవే మిగులుతాయి. ఎప్పుడో కొని మరచిపోయినవి అక్కడ బయటపడటం మామూలే.

రెండు చోట్లా దొరికే గేమ్ అయితే నా మొగ్గు స్టీమ్ వైపే, కారణం వాపసు నియమం. కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకముందు అడిగితే స్టీమ్ డబ్బు తిరిగిస్తుంది. డౌన్‌లోడ్‌కు పట్టిన సమయం ఆ రెండు గంటల్లో కలవదు. మ్యాక్‌లో గేమ్ ఎలా నడుస్తుందో కొనకుండా చెప్పడం కష్టం కాబట్టి ఈ సౌకర్యం విలువైనది. యాప్ స్టోర్‌లో కూడా వాపసు కోరవచ్చు కానీ అది అభ్యర్థన మాత్రమే, పరిశీలించి నిర్ణయిస్తారు. అయితే యాప్ స్టోర్‌కూ ఒక మేలు ఉంది. అక్కడ రెసిడెంట్ ఈవిల్ 4ను ఉచితంగా దింపుకుని మొదటి భాగం ఆడి చూశాకే డబ్బు కట్టవచ్చు. ఐప్యాడ్ కూడా ఉన్నవారికి ఒకే కొనుగోలు రెండింటికీ వర్తించే గేమ్‌లు కొన్ని ఉన్నాయి.

జీఓజీలో గేమ్‌కు తాళం ఉండదు. ఇన్‌స్టాలర్ ఫైలును దాచుకుని ఇంటర్నెట్ లేకుండానే మళ్లీ వేసుకోవచ్చు. ఇచ్.ఐఓ వంటి చోట్ల చిన్న తయారీదారుల గేమ్‌లు దింపుకుంటే మాత్రం మ్యాక్ వాటిని మొదటిసారి అడ్డుకోవచ్చు. అప్పుడు System Settings లో Privacy & Security తెరిచి, కిందికి వెళ్లి Open Anyway నొక్కాలి. తయారీదారు ఎవరో తెలిసి, వారి మీద నమ్మకం ఉన్నప్పుడే ఆ పని చేయండి.

మీ మ్యాక్ ఎంత మోయగలదు

గేమ్ ఏ రకమైనా చివరికి తీర్పు చెప్పేవి మూడు: మెమరీ, స్టోరేజీ, వేడి. చిప్ పేరు కంటే ఇవే ఎక్కువసార్లు అడ్డుపడతాయి.

ఆపిల్ చిప్‌లలో ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్‌కూ కలిపి ఒకటే మెమరీ. విండోస్ గేమింగ్ కంప్యూటర్‌లో 8 జీబీ ర్యామ్‌తోపాటు గ్రాఫిక్స్ కార్డుకు విడిగా మెమరీ ఉంటుంది, ఇక్కడ ఆ ఎనిమిదిలోనే సిస్టమ్, బ్రౌజర్, గేమ్, గేమ్ బొమ్మలు అన్నీ సర్దుకోవాలి. 2024 చివరి వరకు ఆపిల్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటి మొదటి మెట్టు 8 జీబీయే కాబట్టి ఎక్కువమంది చేతుల్లో ఉన్నది అదే. తర్వాత పెంచుకోవడం కుదరదు. మెమరీ నిండిపోయినప్పుడు మ్యాక్ స్టోరేజీని తాత్కాలిక మెమరీగా వాడుకుంటుంది. అప్పుడు గేమ్ సగటు వేగం బాగానే ఉన్నట్టు కనిపించినా, కెమెరా తిప్పినప్పుడో కొత్త గదిలోకి వెళ్లినప్పుడో ఒక్క క్షణం బిగుసుకుంటుంది. గోడల మీది బొమ్మలు మసకగా వచ్చి ఆలస్యంగా స్పష్టమవుతాయి. Activity Monitor లోని Memory ట్యాబ్‌లో కింద ఉండే చిన్న గ్రాఫ్ ఆకుపచ్చ నుంచి పసుపుకూ ఎరుపుకూ మారితే కారణం ఇదేనని తేలిపోతుంది. బ్రౌజర్ మూసేయడం, గేమ్ సెట్టింగులలో టెక్స్చర్ నాణ్యతను తగ్గించడం ఇక్కడ పనిచేసే మందులు. నీడలు, కాంతి తగ్గిస్తే మెమరీకి పెద్దగా ఉపశమనం ఉండదు, అవి ప్రధానంగా గ్రాఫిక్స్ శక్తికి సంబంధించినవి.

వేడి గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది పట్టించుకోరు. ఆపిల్ చిప్ ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యాన్ లేదు. గేమ్ తెరిచిన మొదటి నిమిషాల్లో అది ఫ్యాన్ ఉన్న మ్యాక్‌బుక్ ప్రోతో దాదాపు సమానంగా పరుగెడుతుంది. లోపలి వేడి బయటికి పోయే దారి లేక కాసేపటికి చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అందువల్ల ఎయిర్‌లో ఐదు నిమిషాలు ఆడి "బాగుంది" అని నిర్ణయించుకోవడం పనికిరాదు. కనీసం ఇరవై నిమిషాలు ఆపకుండా ఆడి, అప్పుడు చూడాలి. సంఖ్య కళ్లారా చూడాలనుకుంటే ఆపిల్ వారిదే ఒక కొలమానం ఉంది. టెర్మినల్‌లో ఈ ఆదేశం ఇచ్చి, స్టీమ్‌ను మూసి మళ్లీ తెరవండి.

```
/bin/launchctl setenv MTL_HUD_ENABLED 1
```

గేమ్ మూలన సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో, ఎంత మెమరీ వాడుతోందో కనిపిస్తుంది. చివరి 1 స్థానంలో 0 పెట్టి మళ్లీ ఇచ్చి, స్టీమ్‌ను మూసి తెరిస్తే అది మాయమవుతుంది. మొదటి నిమిషంలో 55 ఉన్న సంఖ్య ఇరవయ్యో నిమిషానికి 38కి దిగి అక్కడే నిలబడితే, మీ ఎయిర్‌లో ఆ గేమ్ అసలు వేగం 38 అన్నమాట.

ఎయిర్ ఉన్నవారికి నేను గట్టిగా చెప్పేది ఒకటుంది: గేమ్ సెట్టింగులలో వేగాన్ని 30 ఫ్రేములకు పరిమితం చేయండి. పైకి ఎగిరి కిందపడే 55 కంటే స్థిరమైన 30 కంటికి సుఖంగా ఉంటుంది, చిప్ కూడా తక్కువ వేడెక్కుతుంది. ఆ తర్వాత రిజల్యూషన్ చూడండి. ఎం1 ఎయిర్ తెర 2560×1600, అంటే దాదాపు 41 లక్షల చుక్కలు. గేమ్‌ను 1280×800లో నడిపితే పది లక్షల చుక్కలే, పనిలో నాలుగో వంతు. ఆ చిన్న తెర మీద తేడా మీరు భయపడినంత కనిపించదు. మెటల్ ఎఫ్ఎక్స్ అనే ఎంపిక గేమ్‌లో ఉంటే దాన్ని వాడండి, అది తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దదిగా తీర్చిదిద్దుతుంది. గేమ్‌ను పూర్తి తెరలో నడపడం కూడా మంచిది. మ్యాక్ ఓఎస్ సొనోమా నుంచి పూర్తి తెరలో ఉన్నప్పుడే గేమ్ మోడ్ తనంతట తాను మొదలై, వెనక పనులను తగ్గించి చిప్‌ను గేమ్‌కు ఇస్తుంది.

ఒక ఉదాహరణను చివరిదాకా చూద్దాం

ఎం1 ఎయిర్, 8 జీబీ మెమరీ, 256 జీబీ స్టోరేజీ. అందులో 110 జీబీ ఖాళీ ఉందనుకుందాం. మౌస్ లేదు, కంట్రోలర్ లేదు, ట్రాక్‌ప్యాడ్ మాత్రమే. కథ ఉన్న పెద్ద గేమ్ ఒకటి కావాలి, లేకపోతే ఎక్కువకాలం ఆడుకునే గేమ్ ఒకటి. ముందుకు వచ్చిన పేర్లు సైబర్‌పంక్ 2077, బాల్డర్స్ గేట్ 3, హేడీస్ 2, ఫ్యాక్టోరియో, స్టార్డ్యూ వ్యాలీ.

సైబర్‌పంక్ మొదటి చూపులోనే తొలగిపోతుంది. ఎం1 చిప్ సరిపోతుందని రాసి ఉన్నా, కనీస మెమరీ 16 జీబీ. చిప్ వరుస దగ్గరే ఆగిపోయి చదివేవారు మెమరీ వరుసను వదిలేస్తారు. స్టోరేజీ విషయంలోనూ ఇది బరువైనదే. యాప్ స్టోర్ ప్రతిలో అన్ని భాషల గొంతులూ కలిసి వస్తాయి కాబట్టి అది 150 జీబీ దాటుతుంది, స్టీమ్ ప్రతి అంతకంటే బాగా చిన్నది. 16 జీబీ ఉన్నవారు దీన్ని ఎంచుకుంటే స్టీమ్ ప్రతి తీసుకుని, గ్రాఫిక్స్ సెట్టింగులలో ఆ మ్యాక్ కోసమే సిద్ధంగా ఉంచిన అమరికతో మొదలుపెట్టాలి.

బాల్డర్స్ గేట్ 3 ఆశ పెట్టే గేమ్. వంతులవారీగా సాగే పోరాటం కాబట్టి ఫ్రేములు తగ్గినా ఓటమి రాదు, ట్రాక్‌ప్యాడ్‌తో కూడా ఆడగలం. మెమరీ తక్కువే అయినా తక్కువ నాణ్యతలో ఎం1 మీద తెరుచుకుంటుంది. కానీ దానికి 150 జీబీ చోటు కావాలి, ఇక్కడ ఉన్నది 110. బయటి ఎస్ఎస్‌డీ పెట్టుకుంటే ఆ అడ్డంకి తొలగుతుంది. ఆ డ్రైవ్‌ను Disk Utility లో ఏపీఎఫ్ఎస్ పద్ధతిలో సిద్ధం చేసి, స్టీమ్ సెట్టింగులలోని Storage పేజీలో చేర్చితే గేమ్ అక్కడే దిగుతుంది. తిరిగే పళ్లెం ఉన్న పాత హార్డ్‌డిస్క్ వాడకండి, మెమరీ తక్కువున్న మ్యాక్‌లో బొమ్మలు రావడానికి పట్టే ఆలస్యం భరించలేనంతగా ఉంటుంది.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఈ గేమ్ మొదలయ్యే ఓడ, ఆ తర్వాతి సముద్రతీరం తేలికైన చోట్లు. వాపసు గడువైన రెండు గంటలు అక్కడే గడిచిపోతాయి. గేమ్ అసలు బరువు మూడో అంకంలో, జనంతో కిక్కిరిసిన నగరంలో తెలుస్తుంది. అక్కడికి చేరేసరికి పదుల గంటలు గడిచి ఉంటాయి. అందుకే మొదట్లో సెకనుకు 30 ఫ్రేములు అతికష్టంగా వస్తున్నాయంటే ముందుకు వెళ్లకుండా అప్పుడే వాపసు కోరడం మేలు. తొలి భాగంలో కొంత మిగులు కనిపించాలి. విండోస్‌లో ఆడే మిత్రులతో కలిసి ఆడాలనుకునేవారు మరొకటి గుర్తుంచుకోవాలి: ఈ గేమ్‌కు కొన్ని ప్యాచ్‌లు మ్యాక్‌కు ఆలస్యంగా వచ్చాయి, ఇద్దరి దగ్గరా ఒకే వెర్షన్ లేనప్పుడు కలిసి ఆడటం కుదరదు. ఈ 8 జీబీ ఎయిర్‌కు నా సలహా, దీన్ని వదిలేయమనే. 16 జీబీ మ్యాక్‌బుక్ ప్రో ఉన్నవారికి మాత్రం మొదటి పేరుగా ఇదే చెబుతాను.

హేడీస్ 2 ఎం1 నుంచి నేరుగా నడుస్తుంది. స్టోరేజీ సమస్య లేదు. చిత్రకళ శైలి వల్ల రిజల్యూషన్ తగ్గించినా అందం పోదు. దీని ఇబ్బంది ట్రాక్‌ప్యాడ్. ఒక చేత్తో కదులుతూ, మరో చేత్తో గురిపెట్టి కొడుతూ, మధ్యలో దూకుతూ ఆడాల్సిన గేమ్ ఇది. ట్రాక్‌ప్యాడ్ మీద వేలు జరుపుతూ అదే వేలితో నొక్కడం పోరాటం వేడెక్కాక అసాధ్యమవుతుంది. ప్లేస్టేషన్ కంట్రోలర్ గానీ ఎక్స్‌బాక్స్ వైర్‌లెస్ కంట్రోలర్ గానీ బ్లూటూత్ ద్వారా మ్యాక్‌కు కలుస్తుంది, వేరే సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. అది ఉంటే ఈ మ్యాక్‌కు కథ గేమ్‌లలో ఇదే ఉత్తమం. లేకపోతే కాదు.

ఫ్యాక్టోరియో పక్కనపెట్టలేని గేమ్. కర్మాగారాన్ని కడుతూ, గొలుసుకట్టుగా యంత్రాలను అమరుస్తూ వందల గంటలు సాగుతుంది. ఆపిల్ చిప్‌కు నేరుగా కూర్చినది, గ్రాఫిక్స్ భారం తక్కువ. పైగా దీనికి మ్యాక్‌లో నడిచే ఉచిత డెమో ఉంది. తయారీదారులు ఎప్పుడూ ధర తగ్గించరు కాబట్టి తగ్గింపు కోసం ఆగడంలో అర్థం లేదు, డెమో ఆడి నచ్చితే కొనేయవచ్చు. విండోస్‌లో లేని ఒక సౌకర్యం మ్యాక్ రూపంలో ఉంది: ఆట ఆగకుండా వెనక నుంచే సేవ్ చేయగలదు. సేవ్ జరిగినంతసేపు గేమ్ తన నకలును పక్కన నడుపుతుంది కాబట్టి కర్మాగారం బాగా పెరిగాక 8 జీబీ మ్యాక్‌లో దాన్ని ఆపేసి ఉంచడమే క్షేమం. ట్రాక్‌ప్యాడ్‌తో మొదటి గంటలు గడుస్తాయి, ఆ తర్వాత మౌస్ లేకుండా కుదరదు. రెండు వేళ్లతో నొక్కితే కుడి క్లిక్ వస్తుంది గానీ ఒక మీట నొక్కిపట్టి వరుసగా గనులు తవ్వడం, వస్తువులు లాగడం వేళ్లకు శ్రమ. మామూలు మౌస్ ఏదైనా చాలు.

స్టార్డ్యూ వ్యాలీకి ఏదీ అడ్డు కాదు. ఒక జీబీ చోటు కూడా అడగదు, ఎయిర్ గోరువెచ్చన మాత్రమే అవుతుంది, కీబోర్డుతో పాటు ట్రాక్‌ప్యాడ్ సరిపోతుంది. ఒక్కడే నాలుగేళ్లకు పైగా శ్రమించి 2016లో విడుదల చేసిన గేమ్, ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఉచితంగా కొత్త భాగాలు చేరుస్తూ వచ్చాడు.

ఇప్పుడు ఎంపిక. అదనంగా ఏమీ కొనకుండా ఈ రోజే ఆడాలంటే స్టార్డ్యూ వ్యాలీ. మౌస్ కొనడానికి సిద్ధమైతే ఫ్యాక్టోరియో, ముందు డెమోతో. కంట్రోలర్ కొనగలిగితే హేడీస్ 2. ఈ మూడింటిలో నన్ను ఒక్కటి ఎంచమంటే ఫ్యాక్టోరియో అంటాను. డబ్బు పెట్టక ముందే మీ మ్యాక్ మీదే తేల్చుకోగలిగే గేమ్ ఈ జాబితాలో అదొక్కటే, గంటకు గంట ఇచ్చే ఆనందంలోనూ దానికి సాటివచ్చేవి తక్కువ.

ఆన్‌లైన్ గేమ్‌ల గురించి

ఇతరులతో పోటీపడే తుపాకీ గేమ్‌లు కావాలనుకుంటే మ్యాక్‌లో నిరాశ తప్పదు. కౌంటర్ స్ట్రైక్ 2 మ్యాక్‌కు రాదని తయారీదారులు 2023లోనే చెప్పేశారు. వాలరెంట్‌కు మ్యాక్ రూపమే లేదు. వీటి కోసం ఉపాయాలు వెతుకుతూ సమయం పోగొట్టుకోవద్దు. లీగ్ ఆఫ్ లెజెండ్స్, డోటా 2, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లకు మాత్రం మ్యాక్ రూపాలు ఉన్నాయి. మొదటి రెండూ ఉచితం కాబట్టి ముందు వాటిని దింపి, పైన చెప్పిన ఇరవై నిమిషాల పరీక్ష పెట్టవచ్చు.

నెలవారీ చందాతో దొరికే ఆపిల్ ఆర్కేడ్‌లో ప్రకటనలు, లోపల కొనుగోళ్లు ఉండవు. కుటుంబంలో ఆరుగురి వరకు ఒకే చందా వాడుకోవచ్చు, పిల్లలున్న ఇంట్లో అది మంచి ఎంపిక. పెద్ద కథ గేమ్ కోరేవారికి కాదు. యాప్ స్టోర్‌లో ఐప్యాడ్ కోసం తయారైన గేమ్‌లు కూడా ఆపిల్ చిప్ మ్యాక్‌లకు కనిపిస్తాయి. అవి వేలితో తాకే తెర కోసం రాసినవి కాబట్టి మ్యాక్‌లో పరీక్షించలేదని పేజీలో రాసి ఉంటే డబ్బు పెట్టి కొనకపోవడం మంచిది, ఉచితమైతే చూడవచ్చు.

ఏ గేమ్ తెచ్చుకున్నా ఆడే ముందు కీబోర్డులో రెండు మార్పులు చేసుకోండి. కంట్రోల్ మీటతో బాణం మీటలు నొక్కితే మ్యాక్ ఒక డెస్క్‌టాప్ నుంచి మరో డెస్క్‌టాప్‌కు మారిపోతుంది. గేమ్‌లో కూర్చోవడానికి కంట్రోల్ వాడేవారికి పోరాటం మధ్యలో తెర మాయమవడానికి కారణం ఇదే. System Settings లో Keyboard తెరిచి, Keyboard Shortcuts లోని Mission Control వరుసలో ఆ సత్వరమార్గాలను తీసేయండి. అక్కడే Function Keys వరుసలో ఎఫ్ మీటలను మామూలు మీటలుగా వాడే ఎంపికను పెట్టుకుంటే, గేమ్‌లో ఎఫ్5 నొక్కి సేవ్ చేయబోయినప్పుడు దాని బదులు మ్యాక్ తన సొంత పని మొదలుపెట్టదు.